‘అండీ’ లేని భాష

తెలుగు ఇళ్ళలో ‘లేదు’ అనే మాటకు గడప లోపల చోటు తక్కువ. డబ్బా అడుగంటినప్పుడు బియ్యం లేవని అనరు, నిండుకున్నాయంటారు. దీపం ఆరిపోయిందని అనరు, కొండెక్కిందంటారు. బయలుదేరేవారు పోతానని చెప్పరు, వెళ్ళి వస్తానంటారు. గుమ్మం ముందు చేయి చాచినవానికి పెట్టడానికి ఏమీ లేనప్పుడు కూడా ‘చేయి ఖాళీ లేదు, మళ్ళీ రా నాయనా’ అనే జవాబే వినిపిస్తుంది. ఆ మాటకు అర్థమేమిటో చెప్పినవారికి తెలుసు, విన్నవానికీ తెలుసు. అందువల్ల ఎవరూ మోసపోరు, ఎవరి మనసూ నొచ్చుకోదు.

తెనాలి దగ్గరి ఒక పల్లెలో పుట్టిన అమ్మాయి అటువంటి ఇంట్లోనే పెరిగింది. బొట్టు పెట్టి పెళ్ళికి పిలవవచ్చిన వారితో ఆమె తల్లి ఏనాడూ రామని చెప్పి ఎరుగదు. అదే ముహూర్తానికి దగ్గరి బంధువుల ఇంట మరో పెళ్ళి ఉన్నా సరే, ‘తప్పకుండా వస్తాం వదినా’ అనే అనేది. తీరా ఆ రోజున చదివింపుల కవరు మాత్రం ఎవరి చేతనో పంపేది. పిలిచినవారు తప్పు పట్టేవారు కారు. అయిదు వందల మందికి వండే చోట నలుగురు రానంత మాత్రాన ఏ బంతీ బోసిపోదు. ‘తప్పకుండా వస్తాం’ అన్న మాట వాగ్దానం కాదు, పిలుపును గౌరవంగా అందుకోవడం మాత్రమే. ఈ సంగతి ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ కలగలేదు. మాతృభాషలోని మర్యాదలు తల్లిపాలతోపాటే వస్తాయి కాబట్టి, అవి మర్యాదలని కూడా మనకు తెలియదు.

2022 సెప్టెంబరులో ఆమె పై చదువుకోసం ఇంగ్లండులోని లీడ్స్ నగరానికి వెళ్ళింది. ఎర్ర ఇటుకల ఇళ్ళు ఒకదానినొకటి ఆనుకొని నిలిచిన వీధిలో, మరో ముగ్గురు విద్యార్థినులతో కలిసి ఒక ఇంట అద్దెకు దిగింది. పక్క ఇంట్లో బడిపంతులమ్మగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న వృద్ధురాలు, ఆమె భర్త ఉండేవారు. ఆ టీచరమ్మ రోజూ పలకరించేది. ఒక గురువారం నాడు గోడ అవతల నుండి ‘వుయ్ వుడ్ లవ్ టు హావ్ యూ ఫర్ లంచ్ ఆన్ సండే, ఎట్ వన్’ అని పిలిచింది. ఆదివారం ఒంటిగంటకు భోజనానికి రమ్మని దాని అర్థం.

అమ్మాయికి చిక్కు వచ్చిపడింది. సోమవారం ఉదయానికి ఒక ప్రాజెక్టు నివేదిక ఇవ్వవలసి ఉన్నది. పైగా ఇంగ్లీషువారి ఆదివారపు భోజనంలో గొడ్డుమాంసం వండుతారని విన్నది. తాను తిననని చెబితే ఏమనుకుంటారో! ఆమెకు తెలిసిన మర్యాద ప్రకారం చిరునవ్వు నవ్వి, ‘ఐ విల్ ట్రై’ అన్నది. ‘చూస్తానండీ, వీలు చూసుకొని వస్తాను’ అనే తెలుగు వాక్యానికి ఆమె చేసిన అనువాదమది. తెనాలిలో అయితే ఆ మాట విన్నవారికి ఈ మనిషి రాదని అక్కడికక్కడే తెలిసిపోయేది.

ఆదివారం ఆమె తలుపు వేసుకొని నివేదిక రాసుకున్నది. సోమవారం ఉదయం చెత్తబుట్ట బయట పెడుతూ ఉండగా టీచరమ్మ ఎదురుపడి, ‘ఒంట్లో బాగానే ఉన్నదా?’ అని అడిగింది. రెండు గంటల వరకూ ఎదురుచూశామని, జ్వరమేమోనని అనుకున్నామని చెప్పింది. అమ్మాయి మాంసం తినకపోవచ్చునని ఊహించి, కూరగాయలతోనే విడిగా ఒక వంటకం చేసిందట. ముగ్గురికి పళ్ళాలు పెట్టిన బల్ల మీద ఒక పళ్ళెం అలాగే ఉండిపోయింది. అమ్మాయి నేల చూపులు చూస్తూ నిలబడింది. టీచరమ్మ కోపగించుకోలేదు. ‘యూ కుడ్ హావ్ జస్ట్ సెడ్ నో, లవ్’ అన్నది. రానని చెప్పేస్తే సరిపోయేదిగదా అని.

ఆ మాట ఆమెను చాలా రోజులు వెంటాడింది. రానని చెప్పడం మొరటుతనమనుకొని ఆమె చెప్పలేదు. చెప్పకపోవడమే అక్కడ మొరటుతనమయింది. పెళ్ళి విందులో ఒక విస్తరికి లెక్కలేదు. ముగ్గురి భోజనంలో ఒక పళ్ళెం మూడోవంతు. ఎంతమంది వస్తారో తెలుసుకొని, ఆ లెక్కకే వండే చోట పిలిచినవారికి కావలసినది గౌరవప్రదమైన సందిగ్ధత కాదు, స్పష్టమైన జవాబు. ‘ఐ విల్ ట్రై’ అంటే, అడ్డంకి రాకపోతే వస్తానని, అడ్డంకి వస్తే ముందుగా చెబుతానని వారి లెక్క.

అంతమాత్రాన ఇంగ్లీషువారు అన్నీ కుండబద్దలు కొట్టినట్లు మాట్లాడతారని అనుకోరాదు. ‘వుయ్ మస్ట్ హావ్ యూ ఓవర్ సమ్ టైమ్’ అని వారు అంటూ ఉంటారు. ఎప్పుడైనా ఒకసారి నిన్ను మా ఇంటికి పిలవాలి అని! అది పిలుపు కాదు, పలకరింపు. ‘దట్ వుడ్ బి లవ్లీ’ అంటే చాలు. దానికి సాకులు చెప్పనక్కరలేదు, డైరీ తీయనక్కరలేదు. నిజమైన పిలుపును గుర్తించే ఉపాయం ఒకటున్నది: అందులో రోజు ఉంటుంది, గంట ఉంటుంది. రోజూ గంటా చెప్పి పిలిచినవారికి వస్తాననో రాననో చెప్పి తీరాలి.

ఖాళీ పళ్ళెం మిగిల్చిన సిగ్గు అమ్మాయిని రెండవ కొసకు నెట్టింది. రెండు వారాల తరువాత తరగతిలోని ఒక స్నేహితురాలు పుట్టినరోజు విందుకు పిలిచింది. వెళ్ళే వీలు లేదు. ఈసారి స్పష్టంగా చెప్పాలని నిశ్చయించుకొని ఒక లేఖ రాసింది. ఆమెకు బడిలో నేర్పిన ఇంగ్లీషు నిరాకరణ ఒక్కటే: సెలవు చీటీ. ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అని మొదలై, దయచేసి మన్నించవలసిందని వేడుకొంటూ ముగిసే ఆ చీటీని మన విద్యార్థులు కొన్ని డజన్ల సార్లు రాసి ఉంటారు. నేరం చేసినవాడు న్యాయాధిపతికి విన్నవించుకొనే ధోరణి దానిది. ఆమె లేఖ కూడా ఆ అచ్చులోనే వచ్చింది. అందులో సారీలు అయిదు, కారణాలు నాలుగు. చదువు ఉన్నదని, తలనొప్పి అని, బస్సు ఆలస్యంగా దొరుకుతుందని, సరైన దుస్తులు లేవని.

స్నేహితురాలు కంగారుపడి ఫోను చేసింది. దుస్తులు తాను ఇస్తానన్నది. బస్సు లేకపోతే కారులో దింపిస్తానన్నది. తలనొప్పికి మాత్ర తెస్తానన్నది. కావాలంటే విందునే మరో రోజుకు మారుస్తానన్నది. చెప్పిన ప్రతి కారణం ఒక తలుపు తెరిచి పెట్టింది, ఆ తలుపు గుండా ఆమె లోపలికి వచ్చింది. పుట్టినరోజు జరుపుకుంటున్న పిల్ల రాలేని పిల్లను అరగంట సేపు ఓదార్చవలసి వచ్చింది. అతిగా క్షమాపణ చెప్పడంలోని దోషం ఇదే. వినయంగానే కనిపిస్తుంది గాని, బరువంతా ఎదుటివారి నెత్తిన పెడుతుంది. ఒక కారణం చెబితే నమ్ముతారు. నాలుగు చెబితే అసలు కారణం అయిదవది అయి ఉంటుందని అనుమానిస్తారు.

అసలు పరీక్ష నవంబరులో వచ్చింది. ఆ అమ్మాయి ఒక కాఫీ హోటలులో సాయంత్రాలు పనిచేసేది. సోమవారం నుండి గురువారం వరకూ రోజుకు నాలుగు గంటల చొప్పున వారానికి పదహారు గంటలు. డిగ్రీ స్థాయి చదువులకు బ్రిటన్ వచ్చే విదేశీ విద్యార్థులు తరగతులు జరిగే కాలంలో వారానికి 20 గంటలకు మించి పనిచేయరాదని వీసా షరతు. వారమంటే సోమవారం నుండి ఆదివారం వరకు. ఒక వారం తగ్గించుకొని మరో వారం పెంచుకుంటామంటే కుదరదు. షరతు మీరితే వీసా రద్దు కావచ్చు. పని ఇచ్చిన యజమానికీ జరిమానా పడవచ్చు. తండ్రి పొలం తాకట్టు పెట్టి పంపిన చదువు ఆ ఇరవై గంటల గీత మీద నిలబడి ఉన్నది.

ఒక బుధవారం రాత్రి హోటలు సర్దుతూ ఉండగా మేనేజరు, ‘వుడ్ యూ మైండ్ డూయింగ్ సాటర్డే, టెన్ టిల్ సిక్స్?’ అని అడిగాడు. శనివారం పదింటి నుండి ఆరింటి వరకు అన్న ముక్క మాత్రమే ఆమె చెవిన పడింది. గుండె ఝల్లుమన్నది. కుదరదని చెప్పే తొందరలో తల ఊపుతూ, ‘నో సర్, నో’ అన్నది. అతడు ముఖం వికసించగా ‘బ్రిలియంట్, థాంక్స్’ అని వెళ్ళిపోయాడు.

మరునాడు గోడ మీద అంటించిన పనివేళల పట్టికలో శనివారం గడిలో ఆమె పేరు ఉన్నది. పదహారుకు ఎనిమిది కలిస్తే ఇరవైనాలుగు.

ఎక్కడ పొరబడిందో ఆమెకు ఆ రాత్రి అర్థమయింది. ‘వుడ్ యూ మైండ్’ అంటే ‘చేస్తావా’ అని కాదు, ‘చేయడానికి నీకేమైనా అభ్యంతరమా’ అని. దానికి ‘నో’ అంటే అభ్యంతరం లేదని, అంటే ఒప్పుకున్నట్లు. తెలుగులో ‘అభ్యంతరమా?’ అని అడిగి ఉంటే ఆమె ఒక్కనాటికీ ‘లేదు’ అని ఉండేది కాదు. ప్రశ్నను చివరిదాకా వినకుండా తొందరపడి అన్న ‘నో’ ఆమె కొంప ముంచింది. ఈ రకం ప్రశ్నకు ‘నో’ అని గాని ‘యెస్’ అని గాని జవాబు మొదలుపెట్టకపోవడమే క్షేమం. ‘ఐ కాంట్ డూ సాటర్డే’ అని శనివారం పేరెత్తి చెబితే పొరపాటుకు తావుండదు.

తల్లికి ఫోను చేసి గోడు వెళ్ళబోసుకున్నది. ‘దానికింత ఏడుపెందుకే? ఒంట్లో బాగాలేదని చెప్పెయ్’ అన్నది తల్లి. ఊళ్ళో అందరూ చేసే పనే అది. కాని అమ్మాయి ఆలోచించింది. జ్వరం ఈ శనివారాన్ని మాత్రమే గట్టెక్కిస్తుంది. వచ్చే శనివారం అతడు మళ్ళీ అడుగుతాడు. మళ్ళీ జ్వరం తెచ్చుకోవాలి. ఇరవై గంటల మాట చెబితే, అన్ని శనివారాలకూ ఒకే జవాబు. ‘సరేలే అమ్మా, చూస్తాను’ అని ఫోను పెట్టేసింది. ఆ చూస్తానులోని అర్థం తల్లికి తెలిసే ఉంటుంది.

శుక్రవారం ఉదయం ఆమె టీచరమ్మ వంటగదిలో కూర్చొని, ఫోనులో మేనేజరుకు పంపదలచిన సందేశం చూపించింది. ‘ఐ డోంట్ వాంట్ టు వర్క్ ఆన్ సాటర్డే, సర్’ అని ఉన్నది. టీచరమ్మ కళ్ళజోడు సవరించుకొని, ‘ఇతని మీద నీకు కోపమా?’ అని అడిగింది. అమ్మాయి నివ్వెరపోయింది. తన మనసులో ఉన్న వాక్యం ‘శనివారం పని నాకు వద్దండీ’ అన్నది. అందులో కోపమెక్కడిది?

ఇక్కడే రెండు భాషల తేడా ఉన్నది. తెలుగులో కాదనడానికి ఎన్నో మాటలు: కాదు, లేదు, వద్దు, రాను, కుదరదు, వీలుపడదు, అక్కరలేదు. వీటిలో ఎంత కఠినమైన మాటకైనా చివర ‘అండీ’ అనే రెండక్షరాలు తగిలిస్తే చాలు, ముల్లు విరిగిపోతుంది. ‘వద్దు’ అంటే తిరస్కారం, ‘వద్దండీ’ అంటే మర్యాద. ఇంగ్లీషులో ఆ ‘అండీ’ లేదు. ‘సర్’ ఉన్నదిగదా అనుకోవచ్చు. కాని లీడ్స్‌లో మేనేజరును కూడా పేరు పెట్టి పిలుస్తారు. ‘సర్’ అంటే వారికి బడిపిల్లలో, దుకాణంలో పనివారో గుర్తుకు వస్తారు. యార్క్‌షైర్‌లో కూరలమ్మేవారు, టీచరమ్మలు ‘లవ్’ అని పిలుస్తారు. మన ‘అమ్మా’, ‘నాయనా’ వంటిది అది. అయితే నిన్న మొన్న వచ్చిన పరాయి పిల్ల ఆ మాట వాడితే నవ్వులాట అవుతుంది. అందువల్ల ‘వద్దండీ’ని అనువదించినప్పుడు ‘వద్దు’ ఒడ్డుకు చేరుతుంది, ‘అండీ’ ఏటిలో కొట్టుకుపోతుంది. ఇంగ్లీషులో మర్యాద మాట చివర ఉండదు; వాక్యం కట్టుబడిలో ఉంటుంది.

ఈ విషయాన్ని శాస్త్రీయంగా పరిశీలించిన పెనెలొపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ అనే భాషావేత్తల గ్రంథం 1987లో వెలువడింది. వారు ఇంగ్లీషుతోపాటు మెక్సికోలోని ఒక మాయా భాషను, తమిళనాడులోని ఒక పల్లె మాటలను పోల్చి చూశారు. ప్రతి మనిషికీ పదిమందిలో నిలుపుకోవలసిన ‘ముఖం’ ఒకటుంటుందని, కోరిక కాదన్నప్పుడు అడిగినవారి ముఖానికి దెబ్బ తగులుతుందని, ఆ దెబ్బను తగ్గించే ఉపాయాలే మర్యాదలని వారి సిద్ధాంతం. తెలుగువారికి ఇది కొత్తగా తోచదు. మన మొహమాటంలో మొహం ఉండనే ఉన్నది.

టీచరమ్మ ఆ సందేశాన్ని చెరిపించి, ఒక్కొక్క వాక్యమే అడిగి రాయించింది. మొదట జరిగిన పొరపాటు చెప్పాలి: ‘ఐ థింక్ ఐ గేవ్ యూ ద రాంగ్ ఆన్సర్ అబౌట్ సాటర్డే.’ శనివారం గురించి తప్పు జవాబిచ్చానని. దాని తరువాత తిరస్కారం: ‘ఐ యామ్ అఫ్రైడ్ ఐ కాంట్ వర్క్ దట్ షిఫ్ట్.’

అమ్మాయి కలం ఆగినట్లు వేలు ఆగింది. ‘నేనెందుకు భయపడాలి?’ అని అడిగింది. అఫ్రైడ్ అంటే భయమనే ఆమె చదువుకున్నది. టీచరమ్మ నవ్వి, ఇక్కడ భయమేమీ లేదని, చేదు మాట వస్తున్నదని ముందుగా చెప్పే గంట అని వివరించింది. ఆ మాట వినగానే ఎదుటివాడు కాదనే మాటకు సిద్ధపడతాడు. తెలుగులో ‘ఏమనుకోకండి గాని’ అనడం వంటిదే ఇది. ఇక ‘డోంట్ వాంట్’ పోయి ‘కాంట్’ వచ్చింది. ఇష్టం లేదంటే దెబ్బ అడిగినవానికి తగులుతుంది. వీలు లేదంటే పరిస్థితికి తగులుతుంది.

మూడవది కారణం. ఒక్కటే, నిజమైనది, అంకెతో సహా: ‘మై వీసా ఓన్లీ అలౌస్ ట్వెంటీ అవర్స్ అ వీక్, అండ్ ఐ హావ్ ఆల్రెడీ డన్ సిక్స్టీన్.’ వీసా ఇరవై గంటలకే ఒప్పుకుంటుంది, పదహారు ఇప్పటికే అయ్యాయి. తన చదువు, తన అలసట, తండ్రి అప్పు, ఇవేవీ అందులోకి రాలేదు. అమ్మాయి రాయబోయింది, టీచరమ్మ వద్దన్నది.

నాలుగవది, చేయగలిగినది: ‘ఐ కుడ్ డూ టెన్ టిల్ టూ, ఇఫ్ దట్ హెల్ప్స్.’ పది నుండి రెండు వరకు నాలుగు గంటలు రాగలను, ఉపయోగపడుతుందంటే. పదహారుకు నాలుగు కలిస్తే సరిగ్గా ఇరవై. ‘కెన్’ అనకుండా ‘కుడ్’ అనడంలో ఒక సొగసున్నది. నిర్ణయం అతనికే వదిలినట్లు వినిపిస్తుంది. ఈ నాలుగవ వాక్యం తప్పనిసరి కాదు. చేయగలిగితేనే రాయాలి. మాట వరుసకు ఇచ్చిన ప్రత్యామ్నాయాన్ని అక్కడ నిజంగానే తీసుకుంటారు. అప్పుడు ‘ఐ విల్ ట్రై’ కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

చివర ఆమె మళ్ళీ సారీలు మొదలుపెట్టింది. టీచరమ్మ ఒక్కటి ఉంచింది, దాని చోటు మార్చింది: ‘సారీ ఫర్ ద మిక్స్-అప్.’ గందరగోళానికి క్షమించమని. ప్రశ్న సరిగా వినకపోవడం ఆమె పొరపాటు, దానికి క్షమాపణ తగును. చట్టం ఒప్పని పని చేయలేననడం పొరపాటు కాదు, దానికి క్షమాపణ దేనికి? అమ్మాయి ఈ తేడా దగ్గర చాలాసేపు ఆగిపోయింది. కాదన్నందుకు క్షమించమనడం, తప్పుకు క్షమించమనడం ఆమెకు అప్పటి వరకూ ఒకటిగానే కనిపించేవి.

సందేశం సాయంత్రం పంపుతానన్నది. ‘ఇప్పుడే పంపు’ అన్నది టీచరమ్మ. శుక్రవారం ఉదయం చెబితే అతనికి మరొకరిని వెతుక్కొనే వ్యవధి ఉంటుంది. రాత్రి చెబితే ఎంత తీయని మాటలైనా ఆ వ్యవధిని తిరిగి ఇవ్వలేవు. తొమ్మిదిన్నరకు సందేశం వెళ్ళింది. అమ్మాయి ఫోనును బల్ల మీద బోర్లించి పెట్టి, టీ చల్లారిపోయే దాకా దాని వైపే చూస్తూ కూర్చున్నది. పది నిమిషాలకు జవాబు వచ్చింది: ‘నో వర్రీస్, టెన్ టిల్ టూ ఈజ్ గ్రేట్. థాంక్స్ ఫర్ లెటింగ్ మీ నో.’ అంతే. ఉద్యోగం పోలేదు, ఎవరూ కోపగించుకోలేదు. పైగా ‘తెలియజేసినందుకు’ కృతజ్ఞత!

రాసేటప్పుడు దిద్దుకోవచ్చు; ఎదురుగా అడిగినప్పుడు ఆ వ్యవధి ఉండదు. అయితే అక్కడా ఒక సహాయముంది. ఇంగ్లీషు సంభాషణలను రికార్డు చేసి పరిశీలించినవారు ఒక సంగతి గమనించారు. ఒప్పుకునే జవాబు ప్రశ్న వెంటనే వస్తుంది. కాదనే జవాబు సాధారణంగా ఒక చిన్న విరామం తరువాత, ‘వెల్’ వంటి ఒక మాటను ముందు పెట్టుకొని వస్తుంది. అందుచేత వెంటనే అన్న ‘నో’ మొరటుగా వినిపించడానికి ఆ మాట ఒక్కటే కారణం కాదు, దాని వేగం కూడా కారణం. ఒక్క ఊపిరి ఆగి, ‘ఓ, దిస్ సాటర్డే? ఐ యామ్ అఫ్రైడ్ ఐ కాంట్’ అంటే అడిగినవాడు ఆ విరామంలోనే సగం గ్రహిస్తాడు.

కొందరు గ్రహించినా వదలరు. డిసెంబరులో తోటి పనివాడొకడు తన పనివేళ తీసుకొమ్మని పట్టుబట్టాడు. ‘మూడు గంటలేగదా, ఎవరు లెక్కపెడతారు?’ అన్నాడు. ఆమెకు కొత్త కారణాలు నోటి చివరి దాకా వచ్చాయి. పుట్టినరోజు లేఖ గుర్తుకొచ్చి మింగేసింది. ‘ఐ యామ్ అఫ్రైడ్ ఐ కాంట్ గో ఓవర్ ట్వెంటీ’ అని ముందు చెప్పిన మాటనే మళ్ళీ చెప్పింది. అతడు మూడవసారి కూడా అడిగాడు. మూడవసారి కూడా అదే వాక్యం. గొంతు పెంచలేదు, వాక్యం మార్చలేదు. అతడు ముఖం ముడుచుకొని వెళ్ళాడు. రెండు రోజులు మాట్లాడలేదు కూడా. ఎంత మర్యాదగా చెప్పినా కొందరు నొచ్చుకుంటారు. దానికి ఏ భాషలోనూ మందు లేదు.

క్రిస్మసుకు ముందు ఆదివారం టీచరమ్మ మళ్ళీ భోజనానికి పిలిచింది. ఈసారి అమ్మాయి, ‘ఐ వుడ్ లవ్ టు కమ్. ఐ డోంట్ ఈట్ మీట్, ఇఫ్ దట్స్ ఆల్ రైట్’ అని అక్కడే చెప్పేసింది. సరిగ్గా ఒంటిగంటకు తలుపు తట్టింది. మూడు పళ్ళాలకూ మనుషులున్నారు.

ఓవెనులో నేతి రంగుకు కాల్చిన బంగాళాదుంపలు కరకరలాడుతూ ఎంతో రుచిగా ఉన్నాయి. మొదటి వడ్డన అయ్యాక టీచరమ్మ గిన్నె ఆమె వైపు జరిపి, మరికొన్ని వేసుకుంటావా అని అడిగింది. అమ్మాయికి ఇంకా ఆకలిగానే ఉన్నది. కాని మొదటిసారి అడిగినప్పుడే ఊఁ అనడం తెనాలిలో అలవాటు లేదు. వద్దనాలి, వారు బలవంతం చేయాలి, మళ్ళీ వద్దనాలి, అప్పుడు విస్తరిలో పడాలి. నోటికి అలవాటైన మర్యాద ముందుగా బయటకు వచ్చింది: ‘నో, థాంక్యూ.’

‘రైట్ యూ ఆర్’ అని టీచరమ్మ గిన్నెను భర్త వైపు జరిపింది. ఆయన రెండు దుంపలు వేసుకున్నాడు. గిన్నెలో మూడు మిగిలాయి. రెండవసారి ఎవరూ అడగలేదు. అమ్మాయి ఆ గిన్నె వైపు ఒకసారి, తన పళ్ళెం వైపు ఒకసారి చూసుకున్నది. ఒక్క ఊపిరి ఆగి, ‘యాక్చువల్లీ,’ అన్నది, ‘కుడ్ ఐ చేంజ్ మై మైండ్?’